మునిమాపుని మళ్ళీ ఎప్పుడు అడగాలి?

పోయిన ఏడాది మన క్లబ్ మీటింగ్‌లో ఒక పాత కథని తలా ఒక పేరా చదువుతున్నాం. నా వంతు వచ్చింది. రెండో లైన్‌లోనే "మునిమాపు" అనే పదం తగిలింది. చదవడం ఎలాగో చదివేశా. "దానర్థం ఏంటి?" అని సీనియర్ అన్న అడిగితే, కొంచెం ఆలోచించి, "మునులు ఉండే చోటు అయ్యుంటుందన్నా" అన్నా. రూమ్ మొత్తం నవ్వింది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి నేనూ నవ్వేశా కానీ, లోపల ఎక్కడో గుచ్చుకుంది. మా అమ్మమ్మ రోజూ వాడే మాటలు నాకు డిక్షనరీలో చూస్తే తప్ప తెలియవు.

ఆ రాత్రే ఒక లిస్ట్ మొదలుపెట్టా. మునిమాపు, గరిసె, ఏతం, ముంగిలి, జాము... రోజుకి పది పదాలు. ఒక పక్క పదం, రెండో పక్క అర్థం. అంటే ఫ్లాష్‌కార్డులన్నమాట. పదాలు పోగేయడం తేలికే. అసలు ప్రశ్న తర్వాత వచ్చింది. ఈరోజు నేర్చుకున్న పదాన్ని మళ్ళీ ఎప్పుడు అడుక్కోవాలి? రేపా? ఎల్లుండా? వచ్చే నెలా?

మూడు రోజులకోసారి అనుకుంటే ఏమైంది

నా మొదటి రూల్ చాలా సింపుల్. ప్రతి పదాన్నీ మూడు రోజులకోసారి చూడాలి. పది రోజులు హాయిగా నడిచింది. నలభయ్యో రోజుకి నా దగ్గర 400 పదాలు ఉన్నాయి. మూడు రోజులకోసారి అంటే రోజుకి 130 పైన చూడాలి. అక్కడే మానేశా. మానేశాక లెక్క వేసి చూస్తే, అరవయ్యో రోజుకి అది 200 అయ్యేది. ఏడాది తిరిగేసరికి 3,650 పదాలు, రోజుకి 1,200 పైన కార్డులు. కాలేజీ మానేసి కూర్చున్నా అవ్వదు.

పైగా ఆ 130లో ఎక్కువ భాగం దండగ. "ముంగిలి" నాకు మొదటి వారంలోనే వచ్చేసింది. అయినా మూడు రోజులకోసారి అదే ప్రశ్న, అదే జవాబు. "మునిమాపు" మాత్రం మూడు రోజుల్లో కూడా జారిపోయేది. రెండింటికీ ఒకే ఎడం ఇవ్వడం ఒక తప్పు. ఒకే పదానికి మొదటి వారంలోనూ ఆరో నెలలోనూ ఒకే ఎడం ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు. అది ఎందుకు తప్పో తెలియాలంటే, ముందు మనం ఎలా మర్చిపోతామో చూడాలి.

మర్చిపోవడానికీ ఒక వేగం ఉంది

దీన్ని మొదట కొలిచింది హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్. ఆయన పుస్తకం 1885లో వచ్చింది. తన మీద తనే ప్రయోగం చేసుకున్నాడు. అర్థం లేని అక్షరాల గుంపుల్ని లిస్టులుగా రాసుకుని, తప్పు లేకుండా వచ్చేదాకా వల్లె వేసేవాడు. కొంత కాలం ఆగి, అదే లిస్ట్‌ని మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత టైమ్ పడుతుందో చూసేవాడు. మొదటిసారి 100 సెకన్లు పట్టి, రెండోసారి 66 సెకన్లే పడితే, 34 శాతం మిగిలినట్టు.

ఆయనకి వచ్చిన అంకెలు ఇవి. 20 నిమిషాల తర్వాత 58 శాతం మిగిలింది. ఒక రోజుకి 34. ఆరు రోజులకి 25. 31 రోజులకి 21. మొదటి ఒక్క రోజులో మూడింట రెండొంతులు పోయాయి, కానీ ఆ తర్వాత నెల రోజుల్లో పోయింది 13 మాత్రమే. కొత్తగా నేర్చుకున్నది మొదట్లో జలపాతంలా పడిపోతుంది, తర్వాత మెల్లగా కారుతుంది. అందుకే మొదటి రివ్యూ ఒక్క రోజుకే ఉండాలి. అది పది రోజుల తర్వాత పెడితే రివ్యూ చేయడానికి అక్కడ కొంచెమే మిగులుతుంది.

మరి రెండో ఎడం? మూడోది? ఎబ్బింగ్‌హాస్ లిస్టులకి అర్థం లేదు, మన పదాలకి ఉంది. కాబట్టి ఆ శాతాలు మనకి అచ్చంగా సరిపోవు. ఇక్కడ పనికొచ్చే మనిషి ఇంకొకాయన ఉన్నాడు. పోలండ్‌లో, పోజ్నాన్ నగరంలో, పియోతర్ వోజ్నియాక్ అనే స్టూడెంట్. 1985లో ఆయన ఇంగ్లీష్ పదాలు నేర్చుకుంటూ, పేజీలు పేజీలుగా పదాలు రాసుకుని, ఏ ఎడం దాకా ఆగితే ఎక్కువ మర్చిపోకుండా ఉంటున్నాడో తన మీదే పరీక్షించుకున్నాడు. ఆయనకి తేలిన ఎడాలు: 1 రోజు, తర్వాత 7, తర్వాత 16, తర్వాత 35. చివరి మూడూ చూడండి. ప్రతిదీ ముందుదానికి రెండింతలు, ఇంకొంచెం పైన. ఎడం పెరుగుతోంది, అది కూడా కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతోంది.

ఎడం ఎందుకు పెరగాలి

ఒక పదం మీ బుర్రలో ఎంత గట్టిగా ఉందో ఒక అంకెతో చెప్పాలనుకోండి. "గుర్తుండే అవకాశం 90 శాతానికి పడడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అన్నదే ఆ అంకె. దాన్ని `S` అందాం. `t` రోజుల తర్వాత గుర్తుండే అవకాశాన్ని అర్థమయ్యేంత వరకు ఇలా రాసుకోవచ్చు:

```
R = 0.9 ** (t / S)
```

అసలు మనిషి మరుపు గీత సరిగ్గా ఈ ఆకారంలోనే ఉండదు కానీ, విషయం తెలియడానికి ఇది చాలు. `S = 6` ఉన్న పదాన్ని ఆరో రోజు అడిగితే 90 శాతం అవకాశం. గుర్తొచ్చింది. ఇప్పుడు `S` 15కి పెరిగిందనుకుందాం. మళ్ళీ ఆరు రోజులకే అడిగితే అవకాశం 96 శాతం. `S` 38 అయ్యాక కూడా ఆరు రోజులకే అడిగితే 98 శాతం. అంటే ఎడం అదే ఉంచితే, ప్రశ్న రాను రాను తేలికైపోతోంది. జవాబు ముందే తెలిసిన ప్రశ్న అడిగినట్టు. అదే 90 శాతం దగ్గర అడగాలంటే, `S` పెరిగిన కొద్దీ ఎడం కూడా 6, 15, 38 అని పెరగాల్సిందే.

ఇక్కడ "సరిగ్గా గుర్తొస్తే `S` ఎందుకు పెరుగుతుంది?" అని అడగాలి. రెండు కారణాలున్నాయి, అవి వేరు వేరు.

మొదటిది సాక్ష్యం. నిన్న చూసిన పదం ఈరోజు గుర్తొచ్చిందంటే, అది ఒక్క రోజు బతికిందని మాత్రమే తెలిసింది. 15 రోజుల తర్వాత గుర్తొచ్చిందంటే, 15 రోజులు బతకగలదని తేలింది. ఎడం ఎంత పెద్దదైతే సాక్ష్యం అంత గట్టిది.

రెండోది నిజంగా బలపడడం. రాబర్ట్ బ్యోర్క్, ఎలిజబెత్ బ్యోర్క్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1992లో ఒక మంచి తేడా చెప్పారు. ఒక విషయం లోపల ఎంత గట్టిగా నాటుకుందన్నది ఒక బలం. ఇప్పుడు, ఈ క్షణాన, ఎంత త్వరగా తడుతుందన్నది ఇంకో బలం. పరీక్ష ముందు రాత్రి చదివింది పొద్దున్నే టక్కున తడుతుంది కానీ నాటుకోదు, వారంలో పోతుంది. చిన్నప్పటి ఇంటి పక్కవాళ్ళ పేరు బాగా నాటుకునే ఉంటుంది కానీ వెంటనే తట్టదు. వాళ్ళు చెప్పిన అసలు సంగతి ఏంటంటే, తట్టే బలం తగ్గి ఉన్నప్పుడు కష్టపడి గుర్తు తెచ్చుకుంటే, నాటుకునే బలం ఎక్కువ పెరుగుతుంది. నాలుక చివర ఉండి, కాసేపు సతాయించి, చివరికి వచ్చిన పదమే బాగా గుర్తుంటుంది. టక్కున వచ్చేదాన్ని మళ్ళీ అడిగితే పెరిగేది కొంచెమే.

అందుకే కొంచెం మర్చిపోవడానికి టైమ్ ఇవ్వాలి. పూర్తిగా మర్చిపోయేంత కాదు. ఆ రెంటి మధ్య ఉన్న సన్నని చోటు, ప్రతి సరైన జవాబుతోనూ ఇంకా దూరం జరుగుతుంది.

పదమూడు లైన్ల కోడ్

వోజ్నియాక్ 1987లో ఈ లెక్కని ప్రోగ్రామ్‌గా రాశాడు. ఆ పద్ధతి పేరు ఎస్ఎమ్-2. 2006లో వచ్చిన యాంకీ యాప్ చాలా ఏళ్ళు దాన్నే కొంచెం మార్చి వాడింది. నేను పైథాన్‌లో రాసుకున్నది ఇదే:

```python
def review(n, gap, ef, q):
    if q < 3:
        return 0, 1, ef
    d = 5 - q
    ef = max(1.3, ef + 0.1 - d * (0.08 + d * 0.02))
    n += 1
    if n == 1:
        gap = 1
    elif n == 2:
        gap = 6
    else:
        gap = round(gap * ef)
    return n, gap, ef
```

`q` అంటే మనకి మనం ఇచ్చుకునే మార్కు, 0 నుంచి 5. టక్కున వస్తే 5. కొంచెం ఆలోచించాక వస్తే 4. చాలా కష్టం మీద వస్తే 3. అంతకంటే తక్కువంటే రాలేదని అర్థం. `n` వరసగా ఎన్నిసార్లు సరిగ్గా చెప్పామో. `ef` ఆ పదం ఎంత తేలికో చెప్పే అంకె. ప్రతి పదం 2.5తో మొదలవుతుంది. 4 ఇస్తే అది మారదు, 5 ఇస్తే 0.1 పెరుగుతుంది, 3 ఇస్తే 0.14 తగ్గుతుంది. మర్చిపోతే ఎడం మళ్ళీ ఒక రోజుకి వచ్చేస్తుంది, కానీ `ef` అలాగే ఉంటుంది.

ప్రతిసారీ 4 ఇచ్చుకునే పదం ఎడాలు: 1, 6, 15, 38, 95, 238. నేర్చుకున్న రోజు నుంచి లెక్కేస్తే 1, 7, 22, 60, 155 రోజులకి అడుగుతుంది, తర్వాత 393వ రోజున. ఏడాదిలో ఐదుసార్లే. రోజుకి పది కొత్త పదాలు చేర్చుకుంటూ పోయినా, ఏడాది చివర్న రోజుకి 50 పాత కార్డులు వస్తాయి. మూడు రోజుల రూల్‌లో 1,200 వచ్చిన చోట! మర్చిపోయినవి కలుపుకుంటే ఇంకొన్ని పెరుగుతాయి, అయినా చేయగలిగినంతే.

`max(1.3, ...)` కూడా చూడండి. ఎంత మొండి పదమైనా గుణించే అంకె 1.3 కంటే కిందికి పోదు. 1కి దిగిందంటే ఎడం పెరగడం ఆగిపోతుంది, మనం మళ్ళీ నా పాత రూల్ దగ్గరికే వచ్చేస్తాం.

నేను చేసిన ఘనకార్యం

కోడ్ బాగానే ఉంది. వాడింది నేను. ఒక మీటింగ్‌లో పదాల పోటీ పెడతామన్నారు. ముందు రోజు రాత్రి నలభై కొత్త పదాలు ఎక్కించి, వాటినే వరసగా నాలుగుసార్లు తిప్పా. నాలుగోసారికి అన్నీ టకటకా వచ్చేశాయి. మర్నాడు పోటీలో బాగా చెప్పా. మునిమాపు నవ్వుకి బదులు తీర్చుకున్నంత ఆనందం.

నెల తర్వాత మీటింగ్‌లో అవే పదాలు మళ్ళీ వచ్చాయి. నలభైలో నాకు గుర్తున్నవి పదకొండు. రూమ్‌కొచ్చి ప్రోగ్రామ్ తెరిస్తే, ఆ నలభై ఇంకో వారం దాకా రివ్యూకే రావంటోంది. ఎందుకో అర్థం కాక ఫైల్ తెరిచి చూశా. ప్రతిదానికీ `gap` 38.

ఒకే రాత్రి నాలుగుసార్లు సరైన జవాబు. ప్రోగ్రామ్ అమాయకంగా 1, 6, 15, 38 అని లెక్కేసుకుపోయింది. ఆరు రోజులు ఆగాను అనుకుని 15 ఇచ్చింది, పదిహేను రోజులు ఆగాను అనుకుని 38 ఇచ్చింది. నేను ఆగింది పది నిమిషాలు. సాక్ష్యం లేదు, కష్టపడి గుర్తు తెచ్చుకున్నదీ లేదు. అయినా జీతం మాత్రం పెరుగుతూ పోయింది.

అప్పటిదాకా నేను "సరైన జవాబు వస్తే ఎడం పెరుగుతుంది" అనుకున్నా. అది సగమే. ఇచ్చిన ఎడం మొత్తం ఆగి, ఆ తర్వాత సరైన జవాబు వస్తేనే ఎడం పెరగాలి. పెరిగే హక్కు జవాబుది కాదు, ఆగిన కాలానిది. ఆ రాత్రే `review` పిలిచే ముందు ఈ రెండు లైన్లు చేర్చా:

```python
if today < card["due"]:
    return card
```

గడువు రాకముందు ఎన్నిసార్లు తిప్పినా తిప్పుకో, షెడ్యూల్ మాత్రం మారదు. వల్లె వేయడానికీ రివ్యూకీ మధ్య గోడ ఈ రెండు లైన్లే.

మునిమాపు జాతకం

ఇప్పుడు ఆ పదం దగ్గరికే వద్దాం. రెండోసారి మొదటి నుంచి మొదలుపెట్టినప్పుడు దాని కార్డు ఇలా నడిచింది.

నేర్చుకున్న రోజు 4 ఇచ్చుకున్నా, ఎడం 1. మర్నాడు 4, ఎడం 6. ఏడో రోజు పదం చూడగానే గడ్డంతో ఒక ముని కనబడ్డాడు, చాలాసేపటికి గానీ అర్థం రాలేదు. 3 ఇచ్చా. `ef` 2.36కి దిగింది, ఎడం 14. ఇరవై ఒకటో రోజు అసలు రాలేదు. ఎడం మళ్ళీ 1.

ఇలాంటప్పుడు షెడ్యూల్‌ని తిట్టుకోవడం తేలిక. తప్పు కార్డుది. అందులో "మునిమాపు: సాయంకాలం" అని మాత్రమే రాసి ఉంది. పదానికీ అర్థానికీ మధ్య పట్టుకోవడానికి ఏమీ లేదు, ఉన్న ఒక్క ముని తప్పు దారి చూపిస్తున్నాడు. అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగా. "మునిపళ్ళు అంటే ఏ పళ్ళురా? ముందు పళ్ళు. మునివేళ్ళు అంటే వేళ్ళ కొసలు. మాపు అంటే రాత్రి. ఇంక మునిమాపు ఏంటో నువ్వే చెప్పు" అంది. రాత్రికి ముందు అంచు. పొద్దుగూకే వేళ. కార్డు మీద మునిపళ్ళు, మునివేళ్ళు కూడా రాసేశా.

ఇరవై రెండో రోజు 4, ఎడం 1. ఇరవై మూడున 4, ఎడం 6. ఇరవై తొమ్మిదిన 4, ఎడం 14. నలభై మూడున 4, ఎడం 33. డెబ్భై ఆరో రోజు టక్కున వచ్చింది, 5 ఇచ్చా. `ef` 2.46కి పెరిగింది, ఎడం 81. ఇంక 157వ రోజు దాకా అది నన్ను అడగదు. ఒకసారి కింద పడినా, రెండోసారి ఎక్కేటప్పుడు 14 దాటి 33కి, 81కి వెళ్ళింది చూడండి. లెక్క అదే, కార్డు మారింది.

ఎడం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది

ఒక్క అంకె చూసుకుంటే చాలు. గడువుకి వచ్చిన పాత కార్డుల్లో ఎన్ని సరిగ్గా చెబుతున్నారు? దాదాపు 90 శాతం అయితే బాగున్నట్టు. 98 దాటుతుంటే ఎడాలు మరీ చిన్నవి, తేలిక ప్రశ్నల మీద టైమ్ పోతోంది. 70కి పడితే ఎడాలు పెద్దవి, లేదా మీరు మార్కులు దొంగగా వేసుకుంటున్నారు.

ఈ రెండోదే నాకు ఎక్కువ జరిగింది. కార్డు తిప్పి జవాబు చూడగానే, "ఆ, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. అది తెలియడం కాదు, గుర్తుపట్టడం. దారిలో కనిపించిన మనిషిని గుర్తుపట్టడం వేరు, పేరు చెప్పడం వేరు. జవాబు తిప్పకముందే పైకి చెప్పడం అలవాటు చేసుకున్నాక నా శాతం 90కి చేరింది.

ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. దానికి మన సెమిస్టర్ తేదీ తెలియదు. ఎగ్జామ్ 20 రోజుల్లో ఉంటే 38 రోజుల ఎడం వల్ల మనకేం లాభం లేదు. అప్పుడు ఆ కార్డులని ఎగ్జామ్‌కి ముందు విడిగా ఒకసారి తిప్పుకోవాల్సిందే, షెడ్యూల్ మార్చకుండా. ఆ రెండు లైన్ల కోడ్ అందుకే ఉంది.

మొన్న సెలవులకి ఊరెళ్ళా. సాయంత్రం వాకిట్లో కూర్చుంటే అమ్మమ్మ, "మునిమాపు వేళ గడప మీద కూర్చోకురా" అంది. లేచా. ప్రోగ్రామ్ దాన్ని అడగడానికి ఇంకా నలభై రోజులుంది. గడువు రాలేదు కాబట్టి షెడ్యూల్ మార్చలేదు.